టైలు వెనక అచ్చు

సంక్రాంతి వెళ్లి వారం కాలేదు. తెల్లవారుజాము నాలుగున్నర, అయిదు మధ్య అనుకుంటాను. భీమడోలు స్టేషను మీదుగా గూడ్సు బండి వెళ్తున్న మోతకి నాకు సగం మెలకువ వచ్చింది. ఆ మోత సద్దుమణిగాక హాల్లోంచి ఫెళ్లుమని చప్పుడు. గ్యాసు బండ పేలిందనుకున్నాను. వెంటనే ఇంకోటి. ఆపైన కుండపెంకులు తొక్కుతున్నట్టు వరసగా పటపటమని మోత. ఎవరో హాలు నేలని కింద నుంచి తంతున్నట్టుంది.

మావారు లైటు స్విచ్చి వెతుక్కునేలోపే మా అత్తగారు లేచి గది బయటికి వచ్చేశారు. ఆవిడది వాకరుతో నడక. చీకట్లో వాకరు ముందు కాళ్లు లేచిన టైలు అంచుకి తగిలాయి. లైటు వెలిగేసరికి ఆవిడ కుడిచెయ్యి కింద పెట్టుకుని పడి ఉన్నారు. హాలు మధ్యలో రెండు టైల్స్ ఎదురెదురుగా ఒరిగి, పేకముక్కలతో కట్టిన ఇంటి కప్పులా నిలబడి ఉన్నాయి. వాటి పక్కన మరో నాలుగు పగిలి ఉన్నాయి. ఏలూరు తీసుకెళ్తే మణికట్టు విరిగిందన్నారు. ఆరు వారాలు పిండికట్టు.

అది 2024 జనవరి. ఇల్లు కట్టి ఏడాది తిరగలేదు. హాల్లో టైల్స్ వేయించింది 2023 మార్చిలో, గృహప్రవేశం మేలో.

నేను కుట్టుపని చేస్తాను. ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుట్టి దాచిన డబ్బు ఆ ఇంట్లో ఉంది. అందుకని ఈ కథలో నా తప్పు ముందు చెప్పేస్తాను. టైల్స్ దించిన రోజున కొట్టువాడే అడిగాడు, "గమ్ము కూడా వేయమంటారా అమ్మా" అని. మావైపు టైల్ అడెసివ్‌ని గమ్ము అనే అంటారు. చూడటానికి సిమెంటులాగే ఉండే బూడిదరంగు పొడి, ఇరవై కేజీల సంచి, అప్పుడు నాలుగు వందల యాభై చెప్పాడు. టైల్స్ వేసే మేస్త్రిని అడిగితే నవ్వాడు. "సిమెంటుకి మించిన గమ్మేంటండి, ఇరవయ్యేళ్లుగా సిమెంటు మీదే వేస్తన్నాం, ఆయ్" అన్నాడు. గమ్ముతో అయితే ముందు మాలుతో నేల చదును చేసి, అది ఆరాక మళ్లీ వచ్చి అంటించాలట. రెండు పనులు, రెండు కూలీలు. ముహూర్తం దగ్గర పడుతోంది. నాకు ఆ మాటే నచ్చింది. మిగిలిన డబ్బుతో పూజగదికి తలుపు చేయించాను.

వాళ్లు వేసిన తీరు గుర్తుంది. మధ్యమధ్యలో టీ ఇచ్చింది నేనే కాబట్టి అన్నీ చూశాను. ఒకటికి ఆరు పాళ్ల ఇసకతో పొడిపొడిగా కలిపిన మాలు అంగుళమున్నర మందాన పరిచి గజంబద్దతో లాగారు. దానిమీద చెంబుతో సిమెంటు పాలు పోశారు. ఆ పైన టైలు పెట్టి రబ్బరు సుత్తితో కొట్టి మట్టం చూసుకున్నారు. టైలుకీ టైలుకీ మధ్య గోరు కూడా దూరదు. "చూడండమ్మగారూ, అతుకు కనిపించకూడదు, అదండీ పనితనం" అన్నాడు మేస్త్రి. నాకూ అదే ముచ్చటగా అనిపించింది. కుట్టు కనబడని కుట్టంటే నాకు గౌరవం.

పేలడానికి ముందే నేల చెప్పింది. ఆగస్టులో ఒకరోజు కత్తెర చేజారి కింద పడితే చప్పుడు వేరేగా వచ్చింది. అడుగు అవతల పడితే టంగుమనేది, అక్కడ డబ్బుమంది. ఖాళీ డబ్బా మీద పడ్డట్టు. అప్పటి నుంచి స్టీలు గరిటె కాడతో నేలంతా కొట్టి చూడటం నాకు పిచ్చిలా పట్టుకుంది. గుల్ల పలికిన చోట బట్ట మీద గీసే మార్కింగ్ సుద్దతోనే గీత గీసేదాన్ని. మొదటి నెల మూడు టైల్స్, వాటిలోనూ మూలలే. దసరాకి ఏడు. డిసెంబరుకి కిటికీ నుంచి వీధిగుమ్మం దాకా ఒకే వరస, మొత్తం గుల్ల. మేస్త్రికి ఫోను చేస్తే "కొంచెం గుల్ల పలకడం మామూలేనండి" అన్నాడు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదని తర్వాత తెలిసింది. ఒక మూలలో చిన్న గుల్ల ఉండి, అది పెరగకుండా, టైలు కదలకుండా ఉంటే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. నా సుద్దగీతలు మాత్రం పెరుగుతున్నాయి. పైగా చుక్కల్లా కాకుండా ఒక వరసగా పెరుగుతున్నాయి. అది ఆయనకి చెప్పాను. ఆయనకి అందులో తేడా కనిపించలేదు.

టైల్స్ లేచిన పొద్దున్న వీధివీధంతా వచ్చి చూసింది. అందరిదీ ఒకటే తీర్పు, నేల ఉబ్బింది. అనుకోవడంలో తప్పు లేదు. మా ఊరు ఉత్తరాన ఎర్రనేలకీ దక్షిణాన కొల్లేటి నల్లమట్టికీ మధ్య అంచులో ఉంటుంది. ఆ నల్లమట్టి వానకి ఉబ్బి, ఎండకి అరచెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుందని చేపలచెరువుల గట్ల మీద తిరిగిన ఎవరికైనా తెలుసు. మావారు కూడా అదే నమ్మి, పునాది చెడిపోయిందని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ భయం పోగొట్టింది మా చెల్లెలి కొడుకు. సింగపూర్‌లో కట్టడాల సైటులో పని చేస్తాడు. వీడియో కాల్ చేసి, "పెద్దమ్మా, ముందు టైలు తీసి వెనక చూపించు. తర్వాత అది లేచిన చోట నేల చూపించు" అన్నాడు.

టైలు ఎత్తి తిరగేశాను. వెనక భాగం అద్దంలా శుభ్రంగా ఉంది. సిమెంటు పలుకు ఒక్కటి అంటలేదు. వేలితో రాస్తే తెల్లటి పొడి, ముగ్గుపిండిలా. కింద నేల మీద చూస్తే సిమెంటు పాలు గట్టిపడిన పొర నున్నగా ఉంది. అందులో టైలు వెనకుండే గళ్లన్నీ ఇడ్లీరేకు అచ్చులా పడ్డాయి. మధ్యలో కంపెనీ పేరు తిరగేసి చెక్కినట్టుంది. నా దగ్గరున్న బొటిక్ ముద్రకంటే స్పష్టంగా ఉంది.

"నేల పగిలిందా? మాలు ఎక్కడైనా గుట్టలా లేచిందా?" అన్నాడు. గజంబద్ద పెట్టి చూశాం. సమంగా ఉంది, పగులు లేదు. గోడలకి పగుళ్లు లేవు. స్కర్టింగు కింద సందు లేదు. "అయితే మట్టికి పాపం లేదు. నేల ఉబ్బితే కింద మాలు కూడా పగిలి పైకి వస్తుంది. కుంగితే టైలు కూడా దిగి, స్కర్టింగు కింద సందు కనిపిస్తుంది. నీ ఇంట్లో మాలు పడుకున్నచోటే ఉంది, టైలు ఒక్కటే లేచింది. అసలది ఏనాడూ అంటుకోలేదు పెద్దమ్మా. కూర్చుంది, అంతే."

అంటుకోకపోవడం ఏమిటి, మా పాతింట్లో బేతంచర్ల నాపరాళ్లు సిమెంటు మీదే వేసి పాతికేళ్లు కాలేదా అన్నాను. అక్కడే వాడు నాకు మొదటి పాఠం చెప్పాడు. నాపరాయి నీళ్లు తాగుతుంది. గోడలకి వేసే మామూలు సిరామిక్ టైలు బాగా తాగుతుంది, బరువులో పదోవంతుకి మించి. అందుకే వాటిని వేసేముందు తొట్టిలో నానబెడతారు. సిమెంటు పాలు ఆ సన్నటి రంధ్రాల్లోకి ఇంకి, లోపల గట్టిపడి, వేళ్లు దిగినట్టు పట్టుకుంటాయి. ఇప్పుడు అందరం హాలుకి వేసుకునే విట్రిఫైడ్ టైలు వేరు. దాన్ని 1200 డిగ్రీల వేడిలో కాల్చి దాదాపు గాజు చేసేస్తారు. అది తాగే నీరు బరువులో అర శాతం కంటే తక్కువ. సిమెంటు దిగడానికి అందులో దారి లేదు. గాజుపలక మీద మైదా జిగురు పూసినట్టే. తడిగా ఉన్నంతసేపూ పట్టినట్టు ఉంటుంది, ఎండాక పెచ్చు ఊడుతుంది. దానికి తోడు బట్టీలో రోలర్లకి అంటుకోకుండా టైలు వెనక పూసే తెల్లపొడి. దాన్ని తుడవకుండా వేస్తే సిమెంటు టైలుని కాక ఆ పొడిని పట్టుకుంటుంది.

గమ్ము సంచిలో ఉండేదీ ఎక్కువగా సిమెంటూ ఇసకే. కాకపోతే సన్నటి పాలిమర్ పొడి, నీటిని పట్టి ఉంచే పదార్థం అందులో కలుపుతారు. ఆ పాలిమర్ నున్నటి తలాన్ని కూడా అంటుకుంటుంది, ఎండాక కాస్త సాగుతుంది కూడా. మన దేశంలో దీనికి ఐఎస్ 15477 అని ప్రమాణం ఉంది, అందులో ఒకటి నుంచి అయిదు దాకా రకాలు. నేను ఈ అంకె చెప్తే కొట్టువాడు నన్ను పైనుంచి కిందదాకా చూశాడు. సంచి మీద ఏ రకమో, విట్రిఫైడ్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసి కొనమన్నాడు మావాడు. అన్నిటికంటే చవకది మామూలు సిరామిక్‌కి చేసింది.

సరే, అంటుకోలేదు. అంటుకోనంత మాత్రాన గుల్ల పలకాలి గాని, ఫెళ్లున లేవడం ఎందుకు? ఇది నాకు రెండో రోజు దాకా అర్థం కాలేదు. వాడు ఇంజినీరు భాషలో చెప్తే బుర్రకెక్కలేదు. ఆఖరికి నా పనిలోంచే అర్థమైంది.

పట్టుజాకెట్టుకి కాటన్ లైనింగు తడపకుండా కుడితే ఏమవుతుంది? మొదటి ఉతుకులో లైనింగు ముడుచుకుంటుంది. పైబట్ట ముడుచుకోదు. చోటు తగ్గిపోయిన పైబట్ట ఎక్కడో ఒకచోట ఉబ్బి బుడగలా లేస్తుంది. నేల కూడా అంతేనట. కాంక్రీటూ మాలూ తడి ఆరేకొద్దీ ముడుచుకుంటాయి. ఈ ముడుత మొదటి ఏడాది ఎక్కువ. మీటరుకి 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే, ఇరవై అడుగుల మా హాలు పొడవునా రెండు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. బట్టీలో కాలి వచ్చిన టైలు ముడుచుకోదు. చలికి కూడా టైలు కంటే కాంక్రీటే ఎక్కువ కుంచించుకుంటుంది. కాబట్టి కింద పరుపు తగ్గుతుంటే పైన దుప్పటి అంతే ఉంటుంది. అతుకుల్లో సందు ఉంటే, గోడ దగ్గర సందు ఉంటే ఆ రెండు మిల్లీమీటర్లు అందులో కలిసిపోతాయి. మావి గోరు దూరని అతుకులు. పొడవుకి పది టైల్స్ పట్టగా చివర నాలుగు అంగుళాలకి కాస్త తక్కువ ముక్క మిగిలితే, దాన్ని గోడకి బిగించి సిమెంటు కుక్కారు. వరసంతా రెండు గోడల మధ్య గూటంలా ఇరుక్కుంది.

"ఎంత చోటు తక్కువైతే ఎంత ఎత్తు లేస్తుందో తెలుసా" అన్నాడు మావాడు. రెండడుగుల టైల్స్ రెండు ఎదురెదురుగా లేవడానికి ఒక్క మిల్లీమీటరు చోటు తక్కువైతే చాలట, మధ్యలో దాదాపు అంగుళం ఎత్తు లేస్తాయి. నమ్మలేదు. రెండు పొడుగు స్కేళ్లు తీసుకుని అటు ఇటు కుట్టుమిషను కాలూ గోడా ఆనించి నొక్కి చూశాను. నొక్కింది కంటికి కనబడదు, స్కేళ్లు మాత్రం గుడారంలా లేచాయి. మా అత్తగారి వాకరు తగిలిన అంగుళం అదే.

సింగపూర్‌లో 2018 జనవరిలో చలివానలు పడ్డ రోజుల్లో ప్రభుత్వ ఫ్లాట్లలో ఇలాగే టైల్స్ లేచాయని ఫిర్యాదులు బోలెడు వచ్చాయట. ఏడాదంతా ఉక్కపోసే ఊళ్లో కాస్త చలికే అలా అయితే, పగలు వెచ్చగా ఉండి రాత్రికి వణికించే మా పుష్యమాసం ఎంత అనిపించింది. ఎండ తిన్నగా పడే గదుల్లో దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. పైన టైలు వేడెక్కి సాగుతుంది, కింద నేల అంత తొందరగా వేడెక్కదు.

ఇంత తెలిశాక కూడా ఫిబ్రవరిలో నేను రెండో తప్పు చేశాను. పాత మేస్త్రినే పిలిచాను. మొహమాటం. ఆయనా తప్పు ఒప్పుకున్నట్టు కూలీ తీసుకోకుండా చేస్తానన్నాడు. "ఈసారి గమ్ముతోనే వేద్దామండి" అన్నాడు. గమ్ము అన్న మాటతో నాకు ధైర్యం వచ్చేసింది. లేచిన రెండు వరసలు తీసి, పాత మాలు అలాగే ఉంచి, చీపురుతో ఒకసారి ఊడ్చి, టైలు వెనక నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి చొప్పున గమ్ము ముద్దలు పెట్టి అతికించాడు. చపాతీపిండి ముద్దల్లా. మళ్లీ గోరు దూరకుండా జతపరిచాడు. మిగిలిన గమ్ము గట్టిపడుతుంటే నీళ్లు కొట్టి కలిపి వాడాడు.

మే నెలలో మిట్టమధ్యాహ్నం మూడు వరసలు లేచాయి. ఈసారి అత్తగారు పక్కగదిలో ఉన్నారు, దేవుడి దయ. నేను మాత్రం మిషను దగ్గరే ఉన్నాను. టైలు ముక్క ఎగిరి కాలి మడమకి గీసుకుంది. ఆ మధ్యాహ్నం నేను కూర్చుని ఏడ్చాను. నొప్పికి కాదు.

ఏడుపయ్యాక టైలు తిరగేశాను. ఈసారి కథ వేరు. గమ్ము ముద్దలు అయిదూ టైలుకి గట్టిగా, అప్పడాల్లా అంటుకునే ఉన్నాయి. ఉలితో కొట్టినా రాలేదు. ఊడింది అవతలి వైపు. ముద్దల అడుగున పాత సిమెంటు దుమ్ము పూసినట్టుంది. అంటే గమ్ము టైలుని పట్టుకుంది, కింద మాత్రం దుమ్మునే పట్టుకుంది. మొదటిసారి పైవైపు ఊడింది, రెండోసారి కిందివైపు. టైలు తిరగేసి చూడటం నాకు అప్పటికి అలవాటైంది కాబట్టి కనిపెట్టాను. లేకపోతే "గమ్మూ పనికిరాదు" అని ఊరంతా చెప్పేదాన్ని. మా వీధిలో ఇప్పటికీ కొందరు అదే చెప్తారు. ముద్దల మధ్య ఖాళీ అసలు టైలులో సగానికి పైనే ఉంది. ఇంటి లోపల పొడిగా ఉండే నేలకి టైలు అడుగున కనీసం నూటికి ఎనభై పాళ్లు, బాత్రూముల్లాంటి తడిచోట తొంభై అయిదు పాళ్లు గమ్ము ఆనాలంటారు.

మూడోసారి దొరికినాయన కువైట్‌లో పదకొండేళ్లు టైల్స్ పని చేసి వచ్చిన మేస్త్రి, తాడేపల్లిగూడెం వైపు మనిషి. ఆయన వచ్చిన రోజు టైల్స్ ఊసే ఎత్తలేదు. మేకు తీసుకుని మాలు మీద గీసుకుంటూ కూర్చున్నాడు. కొన్నిచోట్ల గీత తెల్లగా పడి ఊరుకుంది. కిటికీ వైపు మేకు దిగి ఇసక రాలింది. "ఇక్కడ ఏం పెట్టి అతికించినా ఇసకకే అతుకుద్దండి. తియ్యాలి" అన్నాడు. హాలు మొత్తం తీసేద్దామన్నాడు. గుల్ల పలకనివి కూడానా అంటే, "అవీ కూర్చునే ఉన్నాయి కదండి, ఇంకా లేవలేదంతే" అన్నాడు. డెబ్బైకి పైగా టైల్స్‌లో నలభై ఒకటి పగలకుండా వచ్చాయి. వస్తాయనుకోలేదు. అంటుకోని పనిలో ఉన్న ఒకే ఒక లాభం అది.

మాలు పెళుసుగా ఉన్న చోటల్లా కొట్టేసి, ఒకటికి నాలుగు పాళ్లతో కొత్తగా పోసి చదును చేశాడు. తతిమ్మా చోట్ల పాత సిమెంటు పాల పొర గ్రైండరుతో గీకేశాడు. వారం రోజులు నీళ్లు కట్టాం. తర్వాత ఆయన వెళ్లిపోయాడు. నాలుగు వారాల దాకా రానన్నాడు.

కష్టం అంటే ఆ నాలుగు వారాలే. జూన్, జూలై. అత్తగారి మంచం వంటింట్లో, స్టవ్వుకి మూరెడు దూరంలో. కుట్టుమిషను వసారాలో, జల్లు కొడితే గోనెపట్టా కప్పుకోవడం. సిమెంటు దుమ్ము పట్టుబట్టల మీద పడుతుందని పెళ్లి ఆర్డర్లు రెండు వెనక్కి పంపాను. మావారు రోజూ అడిగేవారు, "ఆరిపోయింది కదే, పిలవకూడదా" అని. నేల పైకి తెల్లగా ఆరినట్టే కనిపించేది. నేను ఒప్పుకోలేదు. లైనింగు తడిపి ఆరేసే కుట్టాలి. ముడుచుకునేదేదో ముందే ముడుచుకోవాలి. ముప్పై ఏళ్లు కస్టమర్లకి చెప్పిన మాటే ఇంట్లో చెప్పడానికి ఇంత ఖర్చయింది.

ఆయన మళ్లీ వచ్చి చేసిన పని నేను పక్కన ముక్కాలిపీట వేసుకుని చూశాను. ముందు పాత టైల్స్ వెనక ఉన్నదంతా గ్రైండరుతో తీసి, కొత్తా పాతా అన్నిటినీ వైరు బ్రష్షుతో రుద్ది తడిగుడ్డతో తుడిపించాడు. ఆ తెల్లపొడి పోవాలని. నానబెట్టలేదు. గమ్ముకి ఆ అవసరం లేదు. బకెట్లో ముందు నీళ్లు కొలిచి పోశాడు, సంచికి అయిదు లీటర్ల దగ్గర, సంచి మీద ఎంత రాసుంటే అంతే. తర్వాత పొడి వేస్తూ డ్రిల్లుకి పెట్టిన కవ్వంతో తిప్పాడు. అయిదు నిమిషాలు వదిలేసి మళ్లీ తిప్పాడు. పెరుగులో మీగడ అంత చిక్కగా, తాపీ మీంచి జారకుండా నిలిచింది. గట్టిపడ్డ దాంట్లో మళ్లీ నీళ్లు పోసి వాడటం మాత్రం ఆయన దగ్గర లేదు. రెండుసార్లు అడుగున మిగిలింది పారబోశాడు. నా ప్రాణం పోయింది. మాట్లాడలేదు.

తర్వాత ఫ్యాను ఆపించాడు. జూలై ఉక్కలో ఫ్యాను ఆపమంటే ఎవరికైనా కోపం వస్తుంది. గాలికి గమ్ము మీద తొరక కడుతుందట, కాగబెట్టిన పాల మీద కట్టినట్టు. తొరక కట్టాక టైలు పెడితే పైకి అతికినట్టు ఉండి గుల్ల పలుకుతుంది. అందుకే ఒక్కసారికి రెండు మూడు టైల్స్‌కి సరిపడా మాత్రమే పరిచేవాడు. మధ్యలో ఫోను మాట్లాడాల్సి వచ్చి ఆలస్యమైతే వేలు ఆనించి చూసేవాడు. వేలికి అంటితే సరే. అంటకపోతే గీకేసి కొత్తది.

ఆయన తాపీ అంచుకి రంపంలా పళ్లున్నాయి, ఒక్కో పన్నూ పది మిల్లీమీటర్లు. గమ్ము పరిచి దాంతో ఒకే దిక్కుగా దువ్వితే దున్నిన చేనులా చాళ్లు పడ్డాయి. టైలు వెనక కూడా పలచగా ఒక పూత. టైలు పెట్టి చాళ్లకి అడ్డంగా కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతూ నొక్కితే చాళ్లన్నీ పడిపోయి గాలి బయటికి పోతుంది. మొదటి టైలు పెట్టాక నొక్కి, వెంటనే మళ్లీ ఎత్తేశాడు. పాడైందేమో అనుకున్నాను. వెనక నాకు చూపించాడు. మూలల దాకా బూడిదరంగు నిండుగా, రూపాయి బిళ్ల అంత ఖాళీ కూడా లేదు. "ఇది చూసుకోకుండా రెండోది పెట్టకూడదండి అక్కయ్యగారు" అన్నాడు.

అతుకుల మధ్య మూడు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టాడు. గోడ చుట్టూ ఎనిమిది మిల్లీమీటర్లు ఖాళీ, అందులో చిన్న రాయి పడినా ఏరించాడు. ఆ ఖాళీని స్కర్టింగు కప్పేసింది. స్కర్టింగుకీ నేలకీ మధ్య సిమెంటు కాక మెత్తటి సీలెంటు నింపాడు. హాలుకీ గదులకీ మధ్య గుమ్మాల దగ్గర కూడా అదే. మర్నాటి దాకా ఎవర్నీ తొక్కనివ్వలేదు. అప్పుడు అతుకుల్లో గ్రౌటు నింపాడు. అతుకులు ఇప్పుడు దూరం నుంచి కూడా కనిపిస్తాయి. మొదటి మేస్త్రి చూస్తే పనితనం లేదంటాడు.

సంచులు ఎనిమిది పట్టాయి. మూడువేల ఆరువందలు. ఆరోజు నేను మిగుల్చుకున్నది కూలీ తేడాతో కలిపి ఎనిమిదివేల లోపు. తర్వాత అయిన ఖర్చు, ఆసుపత్రిది వదిలేసినా, అరవైవేలు దాటింది. పూజగది తలుపు తీసినప్పుడల్లా ఈ లెక్క గుర్తొస్తుంది.

వసారాలో, పెరట్లో మాత్రం నాపరాళ్లే వేయించాను, సిమెంటు మాలు మీదే. కువైట్ మేస్త్రే వద్దన్నాడు గమ్ము. "తాగే రాయికి తాగించండి, చాలు. గమ్ము దండగ. పైగా రాయి మందం ఒక్కోటి ఒక్కోలా ఉంటది, గమ్ముతో అంత ఎచ్చుతగ్గులు సర్దలేం" అన్నాడు. బాత్రూము గోడలకి వేసిన చిన్న సిరామిక్ టైల్స్ మొదటి మేస్త్రి నానబెట్టి సిమెంటుతో అతికించినవే. వాటిలో ఒక్కటీ గుల్ల లేదు. ఆయనకి ఆ పని వచ్చు. విట్రిఫైడ్ టైలు కొత్తగా వచ్చింది, చెయ్యి పాతది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరిన రోజుల్లో మళ్లీ భయపడ్డాను. మా వీధిలోకి నీళ్లు రాలేదు గాని, నేలలో తేమ పెరిగి మెట్ల పక్క గోడ చెమ్మగిల్లింది. రోజూ రాత్రి గరిటె కాడతో హాలంతా కొట్టేదాన్ని. టంగు, టంగు, టంగు. ఆ తర్వాతి పుష్యమాసపు చలీ వెళ్లిపోయింది.

వీధిగుమ్మం పక్కన ఒక్క టైలు మూల మాత్రం డబ్బుమంటుంది. వేసిన వారానికే కనిపెట్టాను. ఫోను చేస్తే మేస్త్రి వచ్చి కొట్టి చూసి, నొక్కి చూసి, తీస్తానన్నాడు. వద్దన్నాను. సుద్దతో మూల చుట్టూ గీత గీసి పక్కన తారీఖు రాశాను. తుడుపుకి చెరిగినప్పుడల్లా మళ్లీ కొట్టి చూసి, మళ్లీ గీస్తాను. గీత ఇంకా అరచెయ్యంతే ఉంది. అత్తగారు అటు వెళ్లినప్పుడు వాకరు కాలితో దాన్ని ఒకసారి తట్టి, "ఉందే" అని నాకు చెప్పి వెళ్తారు.